ట్రాన్స్‌ఫార్మర్ రొదలో సూర్యుడి వాటా ఎంత?

ఎలమంచిలిలో వీధి మూల దిమ్మె మీద ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ రాత్రిపూట గుయ్‌మంటుంటే ఆ నేరం సూర్యుడి మీద వేయడానికి వీల్లేదు. దాని 11 కె.వి. వైపు మూడు వైండింగులనూ ఒకదాని కొసను ఇంకొకదాని మొదలుకు కలిపి డెల్టాగా కడతారు. అందులో భూమికి దిగే తీగ ఉండదు. లైను వెంట వచ్చే డైరెక్ట్ కరెంటు అక్కడి నుంచి ఎటూ పోలేదు కాబట్టి అసలు రానే రాదు. ఆ రొదకు కారణం వదులైన బోల్టో, బిగింపు తగ్గిన కోర్ రేకులో, ఎక్కువైన వోల్టేజో అయి ఉంటుంది. లైన్‌మన్ చూసుకోవలసిన పని అది.

ఇదే కోస్తాలో కొంచెం పైమెట్టు పరికరాల దగ్గరికి వెళ్తే పరిస్థితి వేరు. గాజువాకలోని పవర్‌గ్రిడ్ కేంద్రం, పరవాడ దగ్గర సింహాద్రి విద్యుత్కేంద్రం, కలపాక సబ్‌స్టేషన్, విశాఖకూ విజయవాడకూ మధ్య నడిచే 400 కె.వి. లైన్లు, ఇవన్నీ స్టార్ కట్టుతో, న్యూట్రల్‌ను నేరుగా భూమికి కలిపిన వ్యవస్థలో ఉన్నాయి. ఇంత పెద్ద వోల్టేజిలో అలా కలపక తప్పదు. ఏదైనా ఫేజు భూమిని తాకినప్పుడు మిగతా ఫేజుల వోల్టేజి హద్దు మీరకుండా ఉండాలన్నా, రిలేలకు తప్పు వెంటనే తెలియాలన్నా అదే దారి. కానీ రక్షణ కోసం దించిన ఆ న్యూట్రల్ పట్టీయే సౌర తుఫాను రోజున భూమిలోంచి డైరెక్ట్ కరెంటు పైకెక్కడానికి మెట్టవుతుంది. ఒక స్టేషన్లో ఎక్కిన కరెంటు మూడు ఫేజుల తీగల్లో సమానంగా చీలి, వందల కిలోమీటర్లు నడిచి, ఇంకో స్టేషన్ న్యూట్రల్లో దిగిపోతుంది.

ఇది ధ్రువాలకు దగ్గరగా ఉన్న దేశాల సమస్య అన్న మాట చాలాకాలం చెల్లింది. అందుకు కారణాలూ ఉన్నాయి. 1940 మార్చి 24 తుఫానులో అమెరికా, కెనడాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు ట్రిప్పయ్యాయి. 1989 మార్చి 13 తెల్లవారుజామున కెనడాలోని క్యుబెక్ గ్రిడ్ మొత్తం 92 సెకన్లలో కూలి, అరవై లక్షల మంది దాదాపు తొమ్మిది గంటలు చీకట్లో ఉన్నారు. అదే తుఫానులో న్యూజెర్సీలోని సేలం అణు విద్యుత్కేంద్రంలో (తమిళనాడు సేలం కాదు) ఒక జనరేటర్ ట్రాన్స్‌ఫార్మర్ లోపల కాలి పనికిరాకుండా పోయింది. 2003 అక్టోబరు 30న స్వీడన్‌లోని మాల్మోలో యాభై వేల మందికి కరెంటు పోయింది. ఈ చివరి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. సేలంలో దెబ్బతిన్నది ట్రాన్స్‌ఫార్మర్. మాల్మోలో ట్రాన్స్‌ఫార్మర్లకు ఏమీ కాలేదు. 150 హెర్ట్జ్ హార్మోనిక్‌కు అతిగా స్పందించే రిలే ఒకటి అనవసరంగా లైను తెంచింది. క్యుబెక్‌లోనూ మొదట పడిపోయినవి వోల్టేజిని నిలబెట్టే ఏడు స్టాటిక్ కాంపెన్సేటర్లే. అంటే ట్రాన్స్‌ఫార్మర్ సంతృప్తమైతే ముందు నష్టపోయేది తరచుగా దాని ఇరుగుపొరుగు.

మన ప్రాంతానికి పోల్చదగిన ఉదాహరణ కావాలంటే ఉత్తరానికి కాదు, తూర్పుకు చూడాలి. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ తీరంలో లింగావ్ అణు విద్యుత్కేంద్రం ఉంది. 2004 నవంబరు తుఫానులో అక్కడి 500 కె.వి. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్లో 75.5 ఆంపియర్ల డైరెక్ట్ కరెంటు నమోదైంది. భూ అయస్కాంత అక్షాంశంలో లింగావ్ సుమారు 12 డిగ్రీల దగ్గర ఉంటుంది, విశాఖ 9 డిగ్రీల దగ్గర. రెండూ సముద్రతీరాలే. రెండు చోట్లా పొడవైన, మందమైన లైన్లు వచ్చి తీరం దగ్గర ఆగుతాయి. కాబట్టి అక్షాంశాన్ని చూపించి మనకు బాధ లేదని కొట్టిపారేసే వాదన 2004తోనే బలం కోల్పోయిందని నా అభిప్రాయం. మిగిలింది ఎంత వస్తుంది, ఎలా తెలుస్తుంది అన్న లెక్కే.

ఆ లెక్క భూమి అయస్కాంత క్షేత్రంతో మొదలవుతుంది. సౌర తుఫాను తాకినప్పుడు మన అక్షాంశాల్లో క్షేత్రం ప్రధానంగా ఉత్తర దిశలో మారుతుంది. తాకిన తొలి నిమిషాల్లో అది ఒక్కసారిగా పదులనుంచి వంద నానోటెస్లాల దాకా ఎగురుతుంది. తర్వాత గంటల తరబడి నెమ్మదిగా దిగజారుతుంది. వార్తల్లో వచ్చే పెద్ద అంకె ఈ రెండో దశది. 2024 మే తుఫానుకు 400 నానోటెస్లాలు దాటిందని రాసింది దాని గురించే. నేలలో వోల్టేజిని పుట్టించేది మాత్రం మార్పు పరిమాణం ఒక్కటే కాదు, దాని వేగం కూడా. నేల నిరోధకతను 1000 ఓమ్-మీటర్లుగా, అంతటా ఒకేలా ఉన్నట్టు అనుకుందాం. అయిదు నిమిషాల ఆవర్తనంతో ఊగే 100 నానోటెస్లాల మార్పు కిలోమీటరుకు సుమారు 0.4 వోల్టుల క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఒక రోజు ఆవర్తనంతో సాగే 400 నానోటెస్లాల మార్పు పుట్టించేది 0.1 వోల్టు మాత్రమే. నాలుగింతల మార్పు, నాలుగో వంతు ఫలితం. తుఫాను తీవ్రత సూచిక చూసి ట్రాన్స్‌ఫార్మర్ భయాన్ని అంచనా వేయకూడదనడానికి ఇదే కారణం.

ఉత్తర దిశలో క్షేత్రం మారితే నేలలో వోల్టేజి తూర్పు పడమరలుగా పుడుతుంది. గాజువాక నుంచి విజయవాడకు కాకిదారిన సుమారు 300 కిలోమీటర్లు. అందులో తూర్పు పడమరల వాటా 275. లైను మధ్యలో ఎన్ని వంకర్లు తిరిగినా, క్షేత్రం అంతటా సమానమైతే లెక్కకు వచ్చేది ఆ 275 కిలోమీటర్లే. 0.4 చొప్పున 110 వోల్టులు. నాలుగు లక్షల వోల్టుల లైను మీద 110 వోల్టులంటే నవ్వొస్తుంది. కానీ ఆ 110 వోల్టులకు అడ్డుపడేది ఎంత? ఫేజుకు రెండేసి ‘మూస్’ కండక్టర్లున్న లైను, మూడు ఫేజులూ కలిపి చూస్తే 320 కిలోమీటర్ల పొడవుకు సుమారు 3 ఓమ్‌లు. రెండు చివర్లా వైండింగులకూ ఎర్త్ మ్యాట్‌కూ కలిపి 0.7 వేసుకుందాం. 110ని 3.7తో భాగిస్తే న్యూట్రల్లో 30 ఆంపియర్లు, ఫేజుకు 10.

ఇది ఒక్క లైను, ఒక్కో చివర ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నట్టు వేసిన లెక్క. నిజం ఇంత శుభ్రంగా ఉండదు. ఒకే చోట రెండు మూడు ట్రాన్స్‌ఫార్మర్లుంటే కరెంటు పంచుకుంటాయి. స్టేషన్ మధ్యలో ఉంటే ఒక లైనులో వచ్చింది ఇంకో లైనులోకి పోతుంది గాని న్యూట్రల్లో దిగదు. కొసన ఉన్న స్టేషన్లకే ఎక్కువ వాటా వస్తుంది. నేల సంగతి అంతకన్నా చిక్కు. తూర్పు కనుమల ఖొండలైట్, చార్నొకైట్ రాళ్లు కరెంటుకు గట్టిగా అడ్డుపడతాయి. వాటి పక్కనే ఉన్న బంగాళాఖాతం ఉప్పునీరు బాగా ప్రవహింపజేస్తుంది. సముద్రంలో ప్రేరితమైన కరెంటు తీరానికి వచ్చి రాతిని గుద్దుకున్నచోట ఆవేశం పోగుపడి, తీరాన్ని ఆనుకున్న నేలలో వోల్టేజి లెక్క కన్నా పెరుగుతుంది. లోతుకు పోయేకొద్దీ భూమి వాహకత పెరగడం దాన్ని కొంత తగ్గిస్తుంది. అందుకని నా 30 ఆంపియర్లను ఒక మోస్తరు అంచనాగానే తీసుకోవాలి. సగమైనా కావచ్చు, రెండింతలైనా కావచ్చు. పదింతలు కాదు.

గాజువాక పేరు వచ్చినప్పుడు ఒక అనుమానం తీర్చాలి. అక్కడ 1000 మెగావాట్ల హెచ్.వి.డి.సి. కేంద్రం ఉంది కాబట్టి డైరెక్ట్ కరెంటు అక్కడినుంచే కారుతుందని కొందరనుకుంటారు. అది బ్యాక్-టు-బ్యాక్ కేంద్రం. తూర్పు గ్రిడ్ నుంచి జయపురం లైను మీద వచ్చిన ఏ.సి.ని డి.సి.గా మార్చి, ఆ ప్రాంగణంలోనే మళ్లీ ఏ.సి. చేసి దక్షిణానికి ఇస్తుంది. డి.సి. వలయం అంతా ఆ గోడల లోపలే మూసుకుంటుంది, భూమిని దారిగా వాడుకోదు. తాల్చేరు – కోలారు లాంటి దూరపు హెచ్.వి.డి.సి. లైన్లది వేరే కథ. వాటిలో ఒక పోలు ఆగి, భూమి ద్వారా తిరుగు కరెంటు నడిపితే, ఎలక్ట్రోడ్ చుట్టుపక్కల స్టార్ ట్రాన్స్‌ఫార్మర్లు అందులో కొంత న్యూట్రల్లోంచి తాగుతాయి. కోర్‌కు సూర్యుడు పంపిన ఆంపియరుకూ, ఎలక్ట్రోడ్ పంపిన ఆంపియరుకూ తేడా తెలియదు. సౌర తుఫానులు అరుదుగా వచ్చే మన అక్షాంశంలో, డి.సి. సంతృప్తతను కళ్లారా చూసి నేర్చుకోవడానికి ఆ ఎలక్ట్రోడ్‌ల పరిసరాలే మంచి ప్రయోగశాల.

ఇప్పుడు పది ఆంపియర్లు కోర్‌లో చేసే పని చూద్దాం. 315 ఎం.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మర్‌కు 400 కె.వి. వైపు పూర్తి లోడ్ కరెంటు 455 ఆంపియర్లు. అందులో పది ఎంత? కానీ పోల్చాల్సింది లోడ్‌తో కాదు. కోర్‌ను అయస్కాంతం చేయడానికి ఆ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకునే కరెంటు ఆంపియరు అటూ ఇటూ. మేలైన సిలికాన్ ఉక్కు రేకులు, సందు లేకుండా అమర్చిన అతుకులు దాన్ని అంత తక్కువకు తెచ్చాయి. అందుకే పది ఆంపియర్ల డి.సి. దానికి పదింతలు. కోర్‌లో ఫ్లక్స్ మామూలుగా 1.7 టెస్లా దాకా అటూ ఇటూ సమానంగా ఊగుతుంది. ఉక్కు నిండిపోయే హద్దు 2 టెస్లాల చుట్టుపక్కల. అంచుకు వేలెడు తక్కువగా నీళ్లున్న బిందెను ఒక పక్కకు వంచి ఊపితే ఆ పక్కనే తొణుకుతుంది, రెండో పక్క తొణకదు. డి.సి. ఫ్లక్స్‌ను ఒక పక్కకు వంచుతుంది. ప్రతి 20 మిల్లీసెకన్ల చక్రంలో ఒక సగంలో మాత్రమే, రెండు మూడు మిల్లీసెకన్ల పాటు కోర్ నిండిపోయి, ఆ కాస్త సేపు ట్రాన్స్‌ఫార్మర్ గాలి కోర్ ఉన్న చుట్టలా ప్రవర్తిస్తుంది. అర్ధచక్ర సంతృప్తత అంటే ఇంతే.

ఆ కాస్త సేపట్లో పొడుచుకొచ్చే కరెంటు ఎంతో లెక్క కట్టడం తేలికే. పొడుపుల సగటు లోపలికి వచ్చిన డి.సి.కి సమానం కావాలి. సగటు 10 ఆంపియర్లు, పొడుపు చక్రంలో ఎనిమిదో వంతు, ఆకారం అర్ధ సైను అనుకుంటే శిఖరం 125 ఆంపియర్లు దాటుతుంది. అంత సన్నని పొడుపుల్లో 50 హెర్ట్జ్ భాగం సగటుకు దాదాపు రెండింతలు, అంటే శిఖరంలో 20 ఆంపియర్లకు కొంచెం తక్కువ. ఇది వోల్టేజికి పావు చక్రం వెనక నడుస్తుంది కాబట్టి పూర్తిగా రియాక్టివ్. లెక్కేస్తే ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ 9 నుంచి 10 మెగావార్లు అదనంగా తాగుతుంది. ఒక్కదానికైతే ఏమీ కాదు. ఒకే నిమిషంలో పదిహేను ఇరవై ట్రాన్స్‌ఫార్మర్లు తాగితే కోస్తా వెంట వోల్టేజి కుంగుతుంది. 100 హెర్ట్జ్ భాగం కూడా దాదాపు అంతే పెద్దది. ఆరోగ్యంగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కరెంటులో సరి హార్మోనిక్‌లు ఉండవు. అవి కనిపించాయంటే రెండు సగాలూ సమానంగా లేవని అర్థం. కెపాసిటర్ బ్యాంకులు ఈ హార్మోనిక్‌లను ఆత్రంగా పీల్చుకుని, వాటి అసమతుల్య రిలేలు ట్రిప్పవుతాయి. సరిగ్గా వోల్టేజి నిలబెట్టాల్సిన సమయంలో అవి లేకుండా పోతాయి. ఇంకో చిక్కు: ట్రాన్స్‌ఫార్మర్ డిఫరెన్షియల్ రిలే రెండో హార్మోనిక్ చూస్తే స్విచ్చాన్ చేసినప్పటి ఇన్‌రష్ అనుకుని చేతులు ముడుచుకుంటుంది. ఆ క్షణంలో నిజంగా లోపల తప్పు జరిగినా ఆలస్యం చేసే ప్రమాదముంది.

కోర్ కట్టిన తీరును బట్టి ఇదంతా మారుతుంది. మూడు ఫేజులకు మూడే కాళ్లున్న కోర్‌లో మూడు డి.సి. ఫ్లక్స్‌లూ ఒకే దిక్కుకు నెడతాయి. తిరిగి రావడానికి ఇనుప దారి ఉండదు, నూనెలోంచి, ట్యాంకు గోడలోంచి రావాలి. అందుకే అది మొండికేసి కొంత తట్టుకుంటుంది. అయిదు కాళ్ల కోర్‌కు పక్క కాళ్లు దారి ఇస్తాయి. ఒక్కో ఫేజుకు విడి ట్యాంకు ఉండే బ్యాంకు అన్నిటికన్నా సులభంగా సంతృప్తమవుతుంది. మన దేశంలో 765 కె.వి. బ్యాంకులు ఎక్కువగా ఒక్కోటి 500 ఎం.వి.ఏ. చొప్పున మూడు విడి యూనిట్లే. 500 మెగావాట్ల జనరేటర్లకు పెట్టేవీ సాధారణంగా విడి ఫేజు ట్రాన్స్‌ఫార్మర్లే. అంగుల్ నుంచి శ్రీకాకుళం మీదుగా వేమగిరికి 765 కె.వి. లైన్లు వచ్చాక ఈ కోస్తా చిత్రం రెండు రకాలుగా మారింది. ఒక పక్క గ్రిడ్ కొస అనేది చెరిగి, కరెంటు ముందుకు సాగిపోయే దారి ఏర్పడింది. ఇంకో పక్క లైన్ల నిరోధం బాగా తగ్గింది, సంతృప్తతకు లొంగే కోర్లు వచ్చి చేరాయి. నికరంగా మేలా కీడా అన్నది ప్రతి స్టేషన్‌కూ విడిగా లెక్కించాల్సిందే. గ్రిడ్ బలపడితే ఈ బాధ దానంతటదే తగ్గుతుందన్న నమ్మకం మాత్రం తప్పు.

వేడి విషయంలో కంగారు పడనక్కర్లేదు. సంతృప్తమైన కోర్ నుంచి బయటికి చిందిన ఫ్లక్స్ టై ప్లేట్లలో, బిగింపు చట్రాల్లో, ట్యాంకు గోడల్లో సుడి కరెంట్లు పుట్టించి వేడెక్కిస్తుంది. కానీ ఆ వేడి పేరుకోవడానికి నిమిషాలు పడుతుంది, మన అక్షాంశంలో పెద్ద పొడుపులు ఎక్కువసేపు నిలవవు. ఉత్తర అమెరికా నిబంధనల్లో ఫేజుకు 75 ఆంపియర్లు దాటితేనే వేడి గురించి విడిగా లెక్క వేయమంటారు. మన పది దానికి చాలా కింద ఉంది. దక్షిణాఫ్రికా అనుభవం మాత్రం ఈ ధీమాకు కొంచెం అడ్డు తగులుతుంది. 2003 చివరి తుఫానుల తర్వాత అక్కడి కొన్ని జనరేటర్ ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో కరిగిన వాయువులు పెరుగుతూ వచ్చాయి, నెలల తర్వాత అవి పాడయ్యాయి. అక్కడ కూడా కరెంటు పరిమాణం పెద్దదేమీ కాదు. తుఫానే కారణమా, అప్పటికే ఉన్న బలహీనత పైకి తేలిందా అన్నది అందరూ ఒప్పుకున్న విషయం కాదు. నాకు రెండోదే ఎక్కువ సబబుగా కనిపిస్తుంది. అయినా తుఫాను దాటిన వారంలో ఒకసారి, నెలకొకసారి నూనె నమూనా తీసి ఎథిలీన్, మీథేన్, హైడ్రోజన్ చూడడం ఖర్చు లేని పని.

వేడి కన్నా ఎంతో ముందు వచ్చేది రొద. అయస్కాంతం చేసినప్పుడు ఉక్కు రేకులు మిల్లీమీటరులో అతి చిన్న వంతు సాగుతాయి. ఫ్లక్స్ ఏ దిక్కుకు పెరిగినా సాగడం ఒక్కటే, కాబట్టి చక్రానికి రెండుసార్లు సాగి, మామూలు ట్రాన్స్‌ఫార్మర్ 100 హెర్ట్జ్‌లోనూ దాని గుణిజాల్లోనూ పాడుతుంది. ఒక సగం గట్టిగా, ఒక సగం మెల్లగా సాగితే ఆ సమానత్వం చెడుతుంది. 50, 150, 250 హెర్ట్జ్ స్వరాలు కొత్తగా చేరతాయి. అలవాటైన గుయ్‌మనే మోతలో బొంగురుతనం, గరగర వస్తాయి. శబ్దం పది డెసిబెళ్లకు పైగా పెరగవచ్చు. ఇదంతా ఫేజుకు కొద్ది ఆంపియర్ల దగ్గరే మొదలవుతుంది. ఒక ఫోన్‌లో రికార్డు చేసి స్పెక్ట్రమ్ చూసినా 100 పక్కన 50, 150 నిలబడ్డాయో లేదో తెలిసిపోతుంది. డెసిబెల్ మీటరుకన్నా ఇదే నమ్మదగిన గుర్తు. ఎందుకంటే కూలింగ్ ఫ్యాన్లు తిరిగినా మీటరు పెరుగుతుంది, కానీ 50, 150లు అలా పుట్టవు.

అయితే బేసి స్వరాలు డి.సి. ఉందని చెబుతాయి గాని ఎక్కడిదో చెప్పవు. దగ్గర్లో ఇంకో ట్రాన్స్‌ఫార్మర్‌ను చార్జ్ చేసినా దాని ఇన్‌రష్ మనదాన్నీ కొన్ని సెకన్లో, నిమిషాలో ఒక పక్కకు నెడుతుంది. అది క్రమంగా తగ్గిపోతుంది. హెచ్.వి.డి.సి. భూమి ద్వారా నడిస్తే రొద గంటల తరబడి ఒకేలా ఉంటుంది, న్యూట్రల్ కరెంటు దిశ మారదు. సౌర తుఫానుదైతే నిమిషాల్లో లేచి పడుతూ, దిశ మార్చుకుంటూ ఉంటుంది. దూరాన ఉన్న స్టేషన్లలోనూ అదే నిమిషంలో కనిపిస్తుంది. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం అయస్కాంత పరిశీలనా కేంద్రాలది. హైదరాబాదులో ఎన్.జి.ఆర్.ఐ. 1964 నుంచి కొలతలు తీస్తోంది, విశాఖలో భారత భూ అయస్కాంత సంస్థ కేంద్రం ఉంది. స్టేషన్ లాగ్‌లో రాసిన సమయాన్ని ఆ రికార్డుతో పక్కన పెడితే చర్చ ముగుస్తుంది. స్టేషన్ గడియారం నిమిషం కూడా తప్పకుండా ఉండాలన్నదే షరతు.

కొలవడంలో రెండు మోసాలున్నాయి. న్యూట్రల్లో ఇప్పటికే ఉన్న కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ రక్షణ కోసం పెట్టింది, దానికి డి.సి. కనిపించదు. ముప్ఫై ఆంపియర్లు పోతున్నా కంట్రోల్ రూములో సున్నా చూపిస్తుంది. హాల్ సెన్సరున్న క్లాంప్ వాడాలి. రెండోది, మన నిబంధనల ప్రకారం న్యూట్రల్‌ను రెండు వేర్వేరు పట్టీలతో రెండు ఎర్త్ పిట్‌లకు కలుపుతారు. క్లాంప్ ఒకదానికే వేసి చదివితే వచ్చేది మొత్తం కాదు, ఏ పిట్ నిరోధం తక్కువో దాన్నిబట్టి మూడో వంతైనా కావచ్చు. రెండూ ఒకే సమయంలో చదివి కూడాలి.

మందుల విషయానికొస్తే, న్యూట్రల్‌కూ భూమికీ మధ్య కెపాసిటర్ పెడితే డి.సి. ఆగుతుంది, ఏ.సి. పోతుంది. తప్పు జరిగినప్పుడు వేల ఆంపియర్లు దాటేలా దానికి సమాంతరంగా బైపాస్ ఉండాలి. చైనాలో ఈ పద్ధతి వాడుకలో ఉంది. చిక్కేమిటంటే ఒక స్టేషన్లో ఆపిన కరెంటు మాయం కాదు, పక్క స్టేషన్ న్యూట్రల్‌ను వెతుక్కుంటుంది. గాజువాకలో ఆపితే కలపాకకు పెరగవచ్చు. లైనులో సిరీస్ కెపాసిటర్ ఉంటే ఆ లైనుకు ఈ బాధే లేదు, కానీ దాన్ని పెట్టేది వేరే అవసరాల కోసం. న్యూట్రల్లో చిన్న రెసిస్టర్ పెట్టడం మూడో దారి. లైను నిరోధమే మూడు ఓమ్‌లున్న చోట ఇంకో మూడు నాలుగు కలిపితే కరెంటు దాదాపు సగం అవుతుంది, కానీ భూమికి గట్టిగా కలిపిన వ్యవస్థ అన్న లెక్కలన్నీ తిరగరాయాలి.

మన కోస్తాకు ఇవేవీ ఇప్పుడే అవసరమని నేననుకోను. తీరంలో రెండు మూడు పెద్ద స్టేషన్ల న్యూట్రల్ పట్టీలకు సెకనుకొకసారి రాసుకునే హాల్ సెన్సర్లు, ట్యాంకు గోడకు ఒక కంపన మాపకం, ఇవి పెట్టి ఒక సౌర చక్రం, అంటే పదకొండేళ్లు, నడిపితే చాలు. నా లెక్కలోని 30 ఆంపియర్లు 15 అవుతాయో 60 అవుతాయో అప్పుడు తేలుతుంది. కెపాసిటర్ కొనాలా వద్దా అన్న ప్రశ్న ఆ తర్వాతది.